పుట్టి, క్వింటా, బస్తా: గజిబిజి నోట్సుని పట్టికగా మార్చేటప్పుడు కాలమ్‌కి ఏం పేరు పెట్టాలి

మార్చి, ఏప్రిల్ నెలల్లో నెల్లూరు జిల్లా కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు కోత మిషన్లు దిగాక ప్రతి ఇంట్లోనూ ఫోన్‌లో ఒక నోట్సు తయారవుతుంది. వడ్లు ఎవరు ఎంతకి అడిగారు, డబ్బు ఎప్పుడిస్తామన్నారు, కాటా ఎలా పెడతామన్నారు అని విన్నది విన్నట్టు ఒకే పేరాలో కొట్టేస్తారు. దాన్ని పట్టికగా మారిస్తే ఎవరికి అమ్మాలో తేలిపోతుందనుకుంటారు. మార్చిన తర్వాత కూడా తేలదు. పట్టిక గీయడంలో తప్పు ఉండదు, కాలమ్‌లకి పెట్టిన పేర్లలో ఉంటుంది. ఆ పేర్లు ఎలా పెట్టాలో ఒక్క పేరా తీసుకుని చివరిదాకా చూద్దాం.

పేరా ఇది. ఇందులో కొనుగోలు కేంద్రం ధర మాత్రమే నిజమైనది, 2025-26కి గ్రేడ్ ఏ వడ్లకి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర. మిగతా అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి. నెమ్ము అంటే వడ్లలో ఉన్న తేమ శాతం, పాయింటు అంటే అందులో ఒక శాతం.

"దళారి కళ్లంలోనే పుట్టి 18,700 అన్నాడు, నెమ్ము చూడనన్నాడు కానీ కాటా మాత్రం పుట్టికి 900 కిలోలు పెట్టాలంట, సగం డబ్బు అప్పుడే, మిగతాది 15 రోజులకి, రేపే ఎత్తుతాడు. మిల్లులో క్వింటా 2,250, లారీ మనమే పెట్టుకోవాలి, 17 దాటితే పాయింటుకి కిలో కోత, వారంలో డబ్బు, ఎప్పుడు తోలినా దించుకుంటారు. కొనుగోలు కేంద్రంలో గ్రేడ్ ఏ 2,389, నెమ్ము 17 లోపు ఉంటేనే, గోతాలు లారీ వాళ్లే, డబ్బు ఖాతాలో పడుతుంది. ఒంగోలు వ్యాపారి 75 కిలోల బస్తా 1,650, బస్తాకి కిలో అదనంగా పోయాలి, డబ్బు చేతికే, వచ్చే వారం గానీ రాడు. మనవి 12 పుట్లు, ఈ రోజు మీటర్‌లో 19 చూపించింది."

దీన్ని చూడగానే చాలామంది చేతికి వచ్చే హెడ్డింగులు ఇవే: ధర, తేమ, సమయం, ఇతర వివరాలు. పేరాలో ఏ మాట ఎక్కువసార్లు వినిపిస్తే అదే కాలమ్ పేరైపోతుంది. అలా చేస్తే పట్టిక ఇలా వస్తుంది.

| ఎవరు | ధర | తేమ | సమయం | ఇతర వివరాలు |
|---|---|---|---|---|
| దళారి | 18,700 | చూడడు | రేపు, 15 రోజులు | 900 కిలోల కాటా |
| మిల్లు | 2,250 | పాయింటుకి కిలో | వారం | లారీ మనది |
| కొనుగోలు కేంద్రం | 2,389 | 17 | | గోతాలు వాళ్లవే |
| ఒంగోలు వ్యాపారి | 1,650 | | వచ్చే వారం | బస్తాకి కిలో, డబ్బు చేతికే |

గీతలు వచ్చాయి, గడులు వచ్చాయి, చూడటానికి బాగానే ఉంది. కానీ పైనుంచి కిందికి ఒక్క కాలమ్ కూడా చదవడానికి లేదు. ధర కింద 18,700 ఉంది, దాని కిందే 2,250 ఉంది. మొదటిది పుట్టికి, రెండోది క్వింటాకి, నాలుగోది బస్తాకి. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. ఆ సంగతి తెలిసిన మనిషి మనసులో భాగహారం చేసుకుంటూ చదువుతాడు, అంటే పట్టిక చేయాల్సిన పని ఇంకా మనిషే చేస్తున్నాడన్నమాట. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న కొడుక్కి ఈ పట్టిక పంపితే అతను దళారికి ఇచ్చేయమన్నా ఆశ్చర్యం లేదు, అంకె పెద్దది కదా.

హెడ్డింగ్ అంటే ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకి ప్రతి వరుసలోనూ ఒకే రకం జవాబు రావాలి. "ధర" అనేది ప్రశ్న కాదు, పేరాలో ఉన్న ఒక మాట మాత్రమే. ఎన్ని కిలోలకి ధర, ఏ చోట ఇచ్చే ధర, ఏ నెమ్ము మీద ధర, కోతలు పోకముందా పోయాకా అన్న నాలుగు ప్రశ్నలు ఆ ఒక్క మాట కింద దాక్కుని ఉన్నాయి. నలుగురూ ఆ నాలుగింటిలో తలో దానికి జవాబు చెప్పారు కాబట్టి అంకెలు పక్కపక్కన నిలబడ్డాయే గానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు.

చాలామంది చేసే తర్వాతి పని యూనిట్ మార్చడం, అన్నిటినీ క్వింటాకి తేవడం. మంచి పనే, సగం పని. దళారిది 18,700 ని 8.5 తో భాగిస్తే 2,200 వస్తుంది. వ్యాపారిది 1,650 ని 0.75 తో భాగిస్తే అదీ 2,200. ఇద్దరూ సమానం అనిపిస్తుంది. అయితే దళారి 18,700 ఇచ్చేది 850 కిలోలకి కాదు, 900 కిలోలకి. అది నోట్సులోనే ఉంది, కాకపోతే "ఇతర వివరాలు" గడిలోకి పోయింది. అక్కడికి పోయిన మాట లెక్కలోకి రాదు.

ఇక్కడే పేరాని ఇంకోసారి నెమ్మదిగా చదవాలి. ఈసారి ప్రతి ముక్క పక్కన "ఇది ఏ ప్రశ్నకి జవాబు?" అని రాసుకుంటూ పోవాలి. పుట్టికి 900 పెట్టాలన్న మాట, పాయింటుకి కిలో కోత, బస్తాకి కిలో అదనం, 17 లోపు ఉంటేనే అన్న షరతు. వీటిని ఊళ్లో నాలుగు వేర్వేరు పేర్లతో పిలుస్తారు, కాటా అని, కోత అని, తరుగు అని, ఆరబెట్టడం అని. నాలుగు పేర్లున్నాయి కదా అని నాలుగు కాలమ్‌లు పెడితే ప్రతి కాలమ్‌లోనూ ఒక్క గడి నిండి మూడు ఖాళీగా ఉంటాయి. పట్టికలో ఇలా మెట్లు మెట్లుగా ఒక్కో గడే నిండిందంటే ఒకే ప్రశ్నని ముక్కలు చేశామని అనుమానించాలి. నిజానికి ఆ నాలుగూ అడిగేది ఒకటే: వాళ్లు చెప్పిన మొత్తం చేతికి రావాలంటే ఈ రోజు కళ్లంలో ఉన్న రాశి లోంచి ఎన్ని కిలోలు పోయాలి?

ఆ ప్రశ్న దొరికాక జవాబులు తేలిగ్గానే వస్తాయి. దళారికి 900. వ్యాపారికి బస్తాకి 76. మిల్లు దగ్గర 19 లో 17 పోను రెండు పాయింట్లు, అంటే 100 కిలోలు పోస్తే 98 కిలోలకే డబ్బు, కాబట్టి పూర్తి క్వింటా డబ్బు కావాలంటే 102.04 కిలోలు పోయాలి. కొనుగోలు కేంద్రానికి ముందు ఆరబెట్టాలి. 19 శాతం నెమ్మున్న 100 కిలోల వడ్లలో నీళ్లు తీసేస్తే 81 కిలోలు ఉంటాయి. 17 శాతం దగ్గర అదే లెక్క 83 కిలోలు. అంటే ఆరిన క్వింటా ఒకటి తయారవ్వాలంటే 83 ని 81 తో భాగించి 100 తో గుణించినంత, సుమారు 102.47 కిలోల పచ్చి వడ్లు కావాలి. కేంద్రం వాళ్లు ఒక్క కిలో కూడా కోయకపోయినా ఎండ తీసుకునేది ఇది. నోట్సులో ఎక్కడా రాసి లేని అంకె ఇది, సరైన హెడ్డింగ్ ఉంటే గానీ దీన్ని వెతకాలని కూడా తోచదు.

దాని తర్వాత ఖర్చు. మిల్లుకి తోలడానికి లారీ, ఎగుమతి కూలీ కలిపి క్వింటాకి 60 అనుకుందాం. కేంద్రానికి పట్టల మీద మూడు రోజులు ఆరబెట్టి తిరగదోసే కూలీ క్వింటాకి 50 అనుకుందాం. ఒకటి రవాణా, ఒకటి ఆరబెట్టడం, అయినా రెండూ మన జేబులోంచి పోయేవే కాబట్టి రెండు కాలమ్‌లు అక్కర్లేదు.

| ఎవరికి | చెప్పిన మొత్తం, రూ. | దానికి పోసే వడ్లు, కిలోలు | చేతి ఖర్చు, రూ./క్వింటా | చేతికొచ్చేది, రూ./క్వింటా |
|---|---|---|---|---|
| దళారి | 18,700 | 900 | 0 | 2,078 |
| మిల్లు | 2,250 | 102.04 | 60 | 2,145 |
| కొనుగోలు కేంద్రం | 2,389 | 102.47 | 50 | 2,281 |
| ఒంగోలు వ్యాపారి | 1,650 | 76 | 0 | 2,171 |

షీట్‌లో చివరి కాలమ్‌కి ఒకే ఫార్ములా చాలు, రెండో వరుసలో పెట్టి కిందికి లాగితే అన్నిటికీ వస్తుంది.

```
=B2/C2*100-D2
```

నాలుగు వరుసలకీ ఒకే ఫార్ములా పనిచేసిందంటే హెడ్డింగులు కుదిరినట్టే. దళారి వరుసకి ఒక ఫార్ములా, మిల్లు వరుసకి ఇంకో ఫార్ములా రాయాల్సి వస్తుంటే ఆ కాలమ్‌లో ఇంకా రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయని అర్థం. అంకెల పట్టికకి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

యూనిట్ హెడ్డింగ్‌లోనే ఉందని గమనించండి. గడిలో "2,250 రూ. క్వింటాకి" అని రాస్తే మనిషి చదవగలడు గానీ షీట్ దాన్ని అంకెగా తీసుకోదు, మాటగా తీసుకుంటుంది. అప్పుడు ఫార్ములా తప్పు చూపిస్తుంది, పెద్ద నుంచి చిన్నకి పేర్చమంటే అక్షరాల వరసలో పేర్చి 900 ని 2,250 కన్నా పైన పెడుతుంది. ఎక్సెల్‌లోనైనా గూగుల్ షీట్స్‌లోనైనా గుర్తుపట్టడం సులభం: మనం మార్చకుండా వదిలేస్తే అంకె గడిలో కుడి పక్కకి జరుగుతుంది, మాట ఎడమ పక్కన నిలబడుతుంది. అంకెలే ఉండాల్సిన కాలమ్‌లో ఒక్క గడి ఎడమ పక్కకి ఉంటే అందులో ఏదో మాట దూరింది.

మొదటి పట్టికలో "తేమ" కాలమ్ ఇంకో రకంగా తప్పు. అందులో "చూడడు", "పాయింటుకి కిలో", "17" అని మూడు రకాల జవాబులున్నాయి. ఆ పట్టికని ఇంట్లో ఇంకొకరి చేతికిస్తే ఖాళీగా ఉన్న వ్యాపారి గడిలో 19 అని రాసినా రాస్తారు, మీటర్‌లో చూసిన నెమ్ము అదే కదా అని. వాళ్ల తప్పేం లేదు, హెడ్డింగ్ అడిగింది అదే. కావలసిన ప్రశ్న "నెమ్ము 17 దాటితే ఏం చేస్తారు". హెడ్డింగ్‌ని అలా "దాటితే" దాకా రాస్తే మూడు మాటలూ ఒకే ప్రశ్నకి జవాబులుగా మారిపోతాయి: ఒకరు చూడరు, ఒకరు కోస్తారు, ఒకరు అసలు తీసుకోరు.

మరి 19 ఎక్కడికి పోవాలి? కాలమ్‌లోకి కాదు. అది నలుగురికీ ఒకటే, వడ్లు మారవు కాబట్టి. 12 పుట్లు అన్నదీ అంతే. అన్ని వరుసల్లోనూ ఒకే జవాబు వచ్చేదాన్ని కాలమ్‌గా పెడితే ఫోన్ తెరలో చోటు తింటుంది తప్ప ఎవరినీ ఎవరితోనూ పోల్చదు. పట్టిక పైన ఒక లైనుగా రాస్తే సరిపోతుంది: "12 పుట్లు, నెమ్ము 19, ఫలానా తేదీ." ఆ తేదీ తప్పనిసరి, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

"సమయం" కూడా ఇలాంటిదే. దళారి గడిలో "రేపు, 15 రోజులు" అని ఉంది. రేపు వడ్లు ఎత్తుతాడు, 15 రోజులకి డబ్బు పూర్తవుతుంది. రెండూ కాలానికి సంబంధించినవే గానీ ఒక ప్రశ్నకి జవాబులు కావు. అకాల వర్షం భయం ఉన్నవాళ్లకి మొదటిది ముఖ్యం, ఎరువుల కొట్టు బాకీ ఉన్నవాళ్లకి రెండోది. గడిలో కామా పెట్టాల్సి వచ్చిందన్నా, "కానీ", "అయితే" అని రాయాల్సి వచ్చిందన్నా ఆ కాలమ్‌ని రెండు చేయాలి. గడిలో "కానీ" కనబడితే హెడ్డింగ్ దగ్గరికి తిరిగి వెళ్లడం అలవాటైతే సగం పట్టికలు వాటంతటవే సర్దుకుంటాయి.

| ఎవరికి | చేతికొచ్చేది, రూ./క్వింటా | వడ్లు ఎప్పుడు కదులుతాయి | పూర్తి డబ్బు, రోజులు | నెమ్ము 17 దాటితే |
|---|---|---|---|---|
| కొనుగోలు కేంద్రం | 2,281 | అడగాలి | అడగాలి | తీసుకోరు |
| ఒంగోలు వ్యాపారి | 2,171 | వచ్చే వారం | 0 | అడగాలి |
| మిల్లు | 2,145 | తోలిన రోజే | 7 | పాయింటుకి కిలో కోత |
| దళారి | 2,078 | రేపు | 15 | చూడరు |

లెక్క పట్టిక వేరు, నిర్ణయం పట్టిక వేరు. చెప్పిన మొత్తం, పోసే కిలోలు, చేతి ఖర్చు అన్నవి చేతికొచ్చే అంకెని తయారు చేయడానికి కావాలి. అంకె తయారయ్యాక ఎవరికి అమ్మాలో చూసుకునే మనిషికి వాటితో పని లేదు. ఫోన్‌లో ఒకసారికి మూడు నాలుగు కాలమ్‌లకన్నా కనబడవు కాబట్టి పేరు పక్కనే తేల్చే అంకె ఉండాలి, దాని తర్వాతే మిగతావి.

ఇందులో "అడగాలి" అని మూడు గడులున్నాయి. మొదటి పట్టికలో అవి ఖాళీగా ఉన్నాయి, లేకపోతే "ఇతర వివరాలు" కింద కనబడకుండా పోయాయి. ఖాళీ గడికి మూడు అర్థాలుంటాయి: అలాంటిది లేదు, ఈ వరుసకి వర్తించదు, మనం అడగలేదు. మూడింటినీ ఖాళీగానే వదిలేస్తే చదివేవాళ్లు తమకి నచ్చిన అర్థం తీసుకుంటారు. ఒంగోలు వ్యాపారి నెమ్ము గురించి ఏమీ అనలేదంటే చూడడని కాదు, కాటా దగ్గర మీటర్ తీస్తే అప్పుడు తెలుస్తుంది. అందుకే అతని 2,171 ఇంకా ఖాయమైన అంకె కాదు. అతను కూడా మిల్లులాగా పాయింటుకి కిలో కోస్తే 2,128 కి దిగుతాడు, మిల్లు అతన్ని దాటిపోతుంది. ఒక్క గడిలో జవాబు రాకపోవడం వల్ల వరుసల క్రమమే మారిపోయేలా ఉందంటే ఆ ఫోన్ ముందు చేయాలి.

"లాభాలు", "నష్టాలు" అని రెండు హెడ్డింగులు పెట్టే అలవాటు ఒకటుంది. దళారికి లాభం కింద "రేపే ఎత్తుతాడు" అని రాస్తారు, మిల్లుకి లాభం కింద "ధర పర్లేదు" అని రాస్తారు. పక్కపక్కన ఉన్న ఆ రెండూ ఒకదానికొకటి జవాబు కావు. పైగా మిల్లు ఎప్పుడు దించుకుంటుందో ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ హెడ్డింగ్ అడగమనలేదు. అది పేరాని మధ్యకి కోసి రెండు పక్కలా పెట్టడమే, పట్టిక చేయడం కాదు.

వరుసల సంగతి కూడా ఒక మాట. మిల్లుకి పచ్చిగా తోలడం ఒక దారి, ఆరబెట్టి తోలడం ఇంకో దారి. మనం తేల్చుకోవలసింది "ఎవరు" అన్నదే కాక "ఎలా" అన్నది కూడా అయితే మిల్లుకి రెండు వరుసలు ఉండాలి, "మిల్లు, పచ్చివి" అని ఒకటి, "మిల్లు, ఆరినవి" అని ఒకటి. ఆరబెడితే కోత ఉండదు గానీ 102.47 కిలోలు పోయాలి, ఆరబెట్టే 50 కూడా కలిపి చేతి ఖర్చు 110 అవుతుంది, చేతికొచ్చేది 2,086. పచ్చిగా తోలితేనే 2,145. ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆరబెట్టి తోలితే మంచి రేటు వస్తుంది కదా అని వాదించుకునే విషయం, ఒక్క వరుస అదనంగా వేస్తే ఈ అంకెల వరకూ తేలిపోయింది.

పట్టికలో పట్టని సంగతి ఒకటుంది. పెట్టుబడికి దళారి దగ్గరే అప్పు తెచ్చుకుని వడ్లు అతనికే పోస్తామని మాటిచ్చి ఉంటే దాన్ని "అప్పు ఉందా" అని కాలమ్‌గా పెట్టి ప్రయోజనం లేదు. అది నలుగురినీ పోల్చే ప్రశ్న కాదు, మిగతా ముగ్గురు వరుసల్లో ఉండాలా వద్దా అని తేల్చే షరతు. అలాంటివి పట్టిక వేయకముందే చూసుకోవాలి. ఆ మాట నిలబెట్టుకోక తప్పదనుకుంటే మిగతా పట్టిక ఇంకో పనికొస్తుంది, 900 కాటాని 870కి దించమని అడిగేటప్పుడు. 870కి దిగితే దళారిది 2,149 అవుతుంది, మిల్లుతో దాదాపు సమానం.

ఇక తేదీ ఎందుకన్నామంటే, రాత్రి మంచు పడో చినుకు పడో మర్నాడు మీటర్‌లో 22 చూపించిందనుకోండి. మిల్లు ఐదు పాయింట్లకి ఐదు కిలోలు కోస్తుంది, 105.26 కిలోలు పోయాలి, లారీ ఖర్చు పోను 2,078 కి పడిపోతుంది. నెమ్ము చూడనన్న దళారి 2,078 దగ్గరే ఉన్నాడు. నిన్న క్వింటాకి 67 రూపాయల తేడా ఉన్న ఇద్దరూ ఈ రోజు ఒకే చోట నిలబడ్డారు, పైగా దళారి అయితే లారీ వెతుక్కునే పని లేదు. మార్చాల్సింది పైన ఉన్న 19 నీ, కిలోల కాలమ్‌లో మిల్లు, కేంద్రం గడులనీ, ఇంకో రోజు ఎక్కువ ఆరబెట్టాల్సి వస్తే ఆ కూలీనీ. హెడ్డింగులు ఒక్కటి కూడా ముట్టుకోనక్కర్లేదు.